నిద్ర లేని పొద్దున కోపం ఎందుకు?

"రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటే, పొద్దున చిన్న మాటకే ఇంట్లో అరుస్తున్నాను. ఎందుకు?"

మాదీ ఇందుకూరుపేట వైపే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందేమోనని ఏరియేటర్ల చప్పుడు వింటూ కూర్చునే టెన్షన్ నాకు తెలుసు.

మెదడులో అమిగ్దలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. నుదుటి వెనకున్న భాగం దానికి కళ్లెం వేస్తుంది. 2007లో నిద్ర మీద పరిశోధన చేసే మాథ్యూ వాకర్ బృందం, దాదాపు 35 గంటలు మేలుకున్నవాళ్లకు మనసును కలవరపెట్టే బొమ్మలు చూపించింది. నిద్రపోయినవాళ్లకంటే వాళ్ల అమిగ్దలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. నుదుటి భాగంతో దాని లంకె సడలింది. ఆ కళ్లెం కూడా ఒంట్లో భాగమే, ఒంటికి నిద్ర లేకపోతే అది వదులవుతుంది.

పొద్దుటికి మీరు అన్ని గంటలు మేలుకుని ఉండరు కాబట్టి అంత తీవ్రత ఉండకపోవచ్చు. కంటినిండా నిద్రపోయి లేచాక కూడా అదే మాట గుచ్చుతుంటే మాత్రం, అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడండి.