పోస్టు నాది, ధర్నా వాళ్లది: కేసు ఎవరి మీద నిలుస్తుంది?

ప్రశ్న: రాత్రి పది దాటాక ఏ మతం ఊరేగింపైనా మైకులు ఆపాల్సిందేనని, పోలీసులు ఒక వర్గానికి భయపడి చూస్తూ ఊరుకున్నారని ఫేస్‌బుక్‌లో రాశాను. దాని కింద మా తమ్ముడి స్నేహితుడు "వాళ్ల దుకాణాల్లో కొనకండి, రేపు సంతలో కనిపిస్తే తన్నండి" అని కామెంట్ పెట్టాడు. మర్నాడు కొందరు స్టేషన్ ముందు ధర్నా చేశారు. నా వల్లే శాంతిభద్రతల సమస్య వచ్చిందని, ఇద్దరి మీదా 196 కింద కేసు పెడతామని ఎస్‌ఐ గారు అంటున్నారు. భావప్రకటనా స్వేచ్ఛ ఉంది కదా సార్? హద్దు ఎక్కడ?

జవాబు: మీరు చెప్పిన మాటలే పూర్తి పోస్టు అయితే, మీ మీద 196 నిలబడడం కష్టం. ఆ కామెంట్ పెట్టిన అబ్బాయి సంగతి వేరు. అతనికి నిజంగానే ఇబ్బంది ఉంది. ఇద్దరూ ఒకే పేజీలో, ఒకే విషయం మీద, ఒకే కోపంతో రాశారు. అయినా చట్టం ఒకరిని కాపాడుతుంది, రెండోవారిని పట్టుకుంటుంది. అలా ఎందుకో తెలిస్తే మీరడిగిన హద్దు కూడా తెలుస్తుంది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు, భావప్రకటనా స్వేచ్ఛకు ఆంక్షలు చెప్పే 19(2) అధికరణలో "ప్రజాశాంతి" అన్న మాటే లేదు. 1950లో మద్రాసు ప్రభుత్వం ప్రజాశాంతి పేరు చెప్పి 'క్రాస్‌రోడ్స్' అనే వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. రాజ్య భద్రతకే ముప్పు వచ్చేంత పెద్ద విషయమైతే తప్ప మాటను ఆపకూడదని చెప్పింది. మరుసటి ఏడాది, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణతో పార్లమెంటు ప్రజాశాంతిని కూడా ఆంక్షల జాబితాలో చేర్చింది. అదే సవరణలో ఆ ఆంక్షలు "సహేతుకం"గా ఉండాలన్న షరతు కూడా వచ్చింది. మొదటి మాట పోలీసులకు బాగా గుర్తుంటుంది. రెండోదాన్ని కోర్టులో మనం గుర్తు చేయాల్సి వస్తుంది.

ప్రజాశాంతి అంటే ఎంత పెద్ద గొడవ అన్నది తర్వాత వచ్చిన ప్రశ్న. దీనికి జవాబు రెండుసార్లూ రామ్ మనోహర్ లోహియా కేసుల్లోనే దొరికింది. పెంచిన కాలువ నీటి పన్ను కట్టవద్దని ఆయన ఉత్తరప్రదేశ్ రైతులకు చెప్పినందుకు పెట్టిన కేసు 1960లో సుప్రీంకోర్టుకు వచ్చింది. ఇవాళ పన్ను కట్టవద్దంటే రేపు తిరుగుబాటు వస్తుందన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మాటకూ అల్లరికీ మధ్య దగ్గరి సంబంధం ఉండాలి, ఊహల గొలుసు కట్టి చూపిస్తే చాలదని చెప్పింది. ఆయనదే ఇంకో కేసులో, 1965లో, ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వలయాలను ఉదాహరణగా తీసుకుంది. బయటి పెద్ద వలయం మామూలు శాంతిభద్రతలు, దాని లోపలిది ప్రజాశాంతి, అన్నిటికన్నా లోపలిది రాజ్య భద్రత. అంటే స్టేషన్ ముందు జరిగిన ప్రతి ధర్నా ప్రజాశాంతికి భంగం కాదు. జనజీవనం మొత్తం దెబ్బతినే స్థాయి ఉండాలి. ఎస్‌ఐ గారు వాడిన "శాంతిభద్రతల సమస్య" అన్న మాట బయటి వలయానికే సరిపోతుంది.

ఇప్పుడు 196కి వద్దాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని ఈ సెక్షన్, పాత ఐపీసీలోని 153ఏ. మతం, కులం, భాష, ప్రాంతం లాంటి వాటి ఆధారంగా వర్గాల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని పెంచడం, పెంచే ప్రయత్నం చేయడం నేరం. మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ప్రార్థనా స్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా. ఇది నాన్ బెయిలబుల్ కాబట్టి టెన్షన్ పడడం సహజమే. కానీ సెక్షన్ పేరు చెప్పినంత తేలిక కాదు దాన్ని నిరూపించడం.

మొదట కావలసింది రెండు వర్గాలు. హైదరాబాద్‌లో పెట్టిన ఒక కేసులో, 1997లో, సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. సైన్యం ఒక వర్గాన్ని హింసిస్తోందని ప్రచారం చేసినంత మాత్రాన ఈ సెక్షన్ వర్తించదు, ఒక వర్గాన్ని ఇంకో వర్గం మీదికి ఉసిగొల్పాలి అని. మీ పోస్టులో నిందపడింది పోలీసుల మీద. "ఒక వర్గానికి భయపడి" అన్నది ఘాటైన మాటే. నన్ను ముందే అడిగి ఉంటే ఆ ముక్క లేకుండా రాయమనేవాడిని, ఎందుకంటే ప్రాసిక్యూషన్ పట్టుకోవడానికి ఉన్నది అదొక్కటే. కానీ పోస్టు మొత్తం చదివినవాళ్లకు అందులో కనిపించేది ఏ మతానికైనా ఒకే నియమం ఉండాలన్న డిమాండు. ఒక్క వాక్యాన్ని విడదీసి కాకుండా రాసినదాన్ని మొత్తంగా చూడాలని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి.

రెండోది ఉద్దేశం. 1984 అక్టోబర్ 31న, ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజే, చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఇద్దరు ఉద్యోగులు ఖలిస్తాన్ అనుకూల నినాదాలు చేశారు. అంతకన్నా ఉద్రిక్తమైన రోజు ఉంటుందా? అయినా 1995లో సుప్రీంకోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. ఒకటి రెండుసార్లు అరిచారు, జనం పట్టించుకోలేదు, ద్వేషం రేపాలన్న ఉద్దేశానికి రుజువు లేదు అంది. నాకు ఆ నినాదాలు నచ్చవు. నచ్చని మాటను కూడా ఇదే కొలతతో కొలిచారు కాబట్టే ఆ తీర్పును ఇవాళ మీకోసం వాడగలుగుతున్నాను.

మరి ధర్నా? మీ ప్రశ్నలో అసలు మెలిక ఇదే. ఎదుటివాళ్లు గొడవ చేశారు కాబట్టి రాసినవాడు నేరస్థుడు అంటే, ఎవరి నోరైనా మూయించడానికి వంద మందిని పోగుచేస్తే సరిపోతుంది. 1989లో రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమాను ఆపాలని, ఆపకపోతే అల్లర్లు జరుగుతాయని వాదన వచ్చినప్పుడు సుప్రీంకోర్టు దీన్నే తిప్పికొట్టింది. మందుగుండు పీపాలో నిప్పురవ్వ పడినంత దగ్గరగా ప్రమాదం ఉండాలి, బెదిరింపులకు లొంగి ప్రభుత్వం స్వేచ్ఛను ఆపకూడదు, గుంపును అదుపు చేయడం ప్రభుత్వం పని అంది. 2024లో ఒక ప్రొఫెసర్ పెట్టిన వాట్సాప్ స్టేటస్ కేసులో ఇంకో మాట చెప్పింది: మాట ప్రభావాన్ని బలమైన మనసున్న మామూలు మనిషి దృష్టితో చూడాలి, ప్రతిదానిలో ప్రమాదాన్ని చూసేవాళ్ల దృష్టితో కాదు అని.

ఈ కొలతలతోనే కామెంట్ చూడండి. అందులో ఒక మతం వాళ్లను వేలెత్తి చూపాడు. ఏం చేయాలో చెప్పాడు. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా చెప్పాడు. 2015లో ఐటీ చట్టం 66ఏను కొట్టేసిన శ్రేయా సింఘాల్ తీర్పు చర్చను, సమర్థనను, రెచ్చగొట్టడాన్ని వేరువేరుగా చూసింది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా రక్షణ ఉంటుంది, మూడోదాని దగ్గరే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు. మీది చర్చ. "రేపు సంతలో తన్నండి" రెచ్చగొట్టడం. మర్నాడు సంతలో ఎవరికీ దెబ్బ తగలకపోయినా ఫర్వాలేదనుకోవద్దు, ప్రయత్నం కూడా నేరమే. "కొనకండి" అన్న ముక్క ఒంటరిగా ఉంటే కొంత వాదించవచ్చు. కానీ 2020లో అమిష్ దేవగన్ కేసులో కోర్టు, ఎవరు, ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో అన్నారో చూడాలంది. ఉద్రిక్తత ఉన్న రాత్రి, తన్నమన్న మాట పక్కన పెట్టుకుని ఆ ముక్కకు అమాయకత్వం మిగలదు. రేపు ఉదయం సంతలో బండి పెట్టుకోవాల్సిన మనిషి ఆ కామెంట్ చదివితే రాత్రి నిద్రపోతాడా? అతని బతుకును కాపాడడం కూడా రాజ్యాంగం పనే. అందుకే విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మూడు రాష్ట్రాల పోలీసులకు చెప్పి, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఈ సెక్షన్‌ను విమర్శకుల మీద తొందరగా, తన్నమన్నవాళ్ల మీద ఆలస్యంగా వాడుతున్నారన్నది నా గట్టి ఫిర్యాదు.

ఇక మీరు చేయాల్సింది. మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందే, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3) ఇస్తుంది. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక వీడియోకు కవిత జోడించి పోస్టు చేసినందుకు గుజరాత్‌లో 196 కింద కేసు పెట్టారు. 2025 మార్చి 28న ఆ కేసు కొట్టేస్తూ సుప్రీంకోర్టు, మాటలకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో ముందు ఈ విచారణ జరపడమే సరైన పద్ధతి అంది. మీరు లిఖితపూర్వకంగా ఇదే కోరండి, కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. అదే సురక్షా సంహితలోని 35(3) కింద హాజరు కావాలని నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. వెళ్లినవారిని కారణం రాయకుండా అరెస్టు చేయడం కుదరదు. కేసు ముందుకు సాగి ఛార్జిషీటు వేసినా, ప్రభుత్వ అనుమతి లేకుండా 196 నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోకూడదని సురక్షా సంహితలోనే 217 చెబుతుంది. ఆ కాగితం ఉందో లేదో మీ లాయర్ చూడాలి. ఎఫ్‌ఐఆర్ అయిపోతే దాన్ని కొట్టేయమని అందులోని 528 కింద హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయవచ్చు.

పోస్టు తీసేయకండి. పూర్తి పోస్టు, కామెంట్లు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, లింకు రాసి పెట్టుకోండి. తర్వాత ఆ ఒక్క కామెంట్‌ను హైడ్ చేయండి. ఇంకొకరి కామెంట్‌కు మీరు నేరుగా బాధ్యులు కారు, కానీ తెలిసీ అలాగే ఉంచారన్న మాట ఎందుకు రానివ్వాలి? దానికి మీరు లైక్ కొట్టి ఉంటే నాతో సహా ఏ లాయర్‌కైనా ముందే చెప్పండి. ఆ అబ్బాయిని విడిగా ఇంకో లాయర్‌ని పెట్టుకోమనండి. ఇద్దరూ కలిసి ఒకే వాంగ్మూలం ఇస్తే అతని మాటల బరువు మీ మీద పడుతుంది, అతనికి దానివల్ల ఒరిగేదీ ఉండదు.