ముందు ఆ గడప తొక్కండి

మేడమ్ గారికి నమస్కారం. మాది కాకినాడ. నా చిన్ననాటి స్నేహితురాలు అమెరికాలో, అయోవాలో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళ క్రితం విడాకులు తీసుకుంది. అప్పటి నుంచి వాళ్ళ నాన్నగారు తనతో మాట్లాడటం లేదు. ఆయన తెల్లవారుజామున నడకకు వెళ్ళినప్పుడు అమ్మగారు ఎప్పుడైనా ఫోన్ చేస్తారట. అక్టోబరు 18న తన పుట్టినరోజు. అక్కడ ఒంటరిగానే గడపాలి. మనవాళ్ళందరూ చుట్టూ ఉన్నట్టు తనకు అనిపించేలా ఒక సందేశం పంపాలనుకుంటున్నాను. కవితలా రాయమంటారా, అందరి శుభాకాంక్షలతో వీడియో చేయమంటారా? వాళ్ళ అమ్మగారు మా వీధి చివరే ఉంటారు కానీ, "నీకు ముందే తెలిసి కూడా మాకు చెప్పలేదు" అన్నారని నేను అటు వెళ్ళడం మానేశాను.

అమ్మా, కవిత వద్దు, వీడియో అసలే వద్దు. ముప్పై మంది వరుసగా శుభాకాంక్షలు చెప్పే వీడియోలో మీ స్నేహితురాలి కళ్ళు అందులో లేని రెండు ముఖాలనే వెతుకుతాయి. అది ఆమె చుట్టూ మనుషులను నిలబెట్టదు, ఎవరు రాలేదో లెక్కపెట్టుకోమని చేతికిస్తుంది. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది చివరి వాక్యం. తండ్రీకూతుళ్ళ సంగతి ఒక్క పుట్టినరోజుతో తేలేది కాదు, దాన్ని తేల్చే బాధ్యతా మీది కాదు. కానీ వీధి చివర ఉన్న ఒక తల్లి ఇంటికి మీరు రెండేళ్ళుగా వెళ్ళడం లేదంటే, అది మాత్రం మీ చేతిలో ఉన్న పనే.

ఆవిడ అన్న మాటకు మీరు నొచ్చుకున్నారు, కాదనను. స్నేహితురాలు నమ్మి చెప్పిన రహస్యాన్ని దాచడం మీ ధర్మం, అందులో మీ తప్పేమీ లేదు. అయితే కూతురి కాపురం చెడిన సంగతి అందరికంటే ఆఖరున తెలుసుకున్న తల్లి, ఎదురుగా కనబడిన మనిషిని అడగక ఎవరిని అడుగుతుంది? చిన్నప్పుడు ఆ ఇంట్లో అన్నం తిన్నవారు ఆ ఒక్క మాటకు గడప తొక్కడం మానేస్తే, దాన్ని ఆత్మాభిమానం అని నేను అనలేను. ఈ వారంలోనే ఒక సాయంత్రం వెళ్ళండి. సంజాయిషీతో మొదలుపెట్టకండి. "పిన్నీ, పద్దెనిమిదిన దాని పుట్టినరోజు, పొద్దున గుడికి వెళదాం, నేను వస్తాను" అని చెప్పండి, చాలు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, పాత మాట ఎత్తితే వినండి.

ఇక ఆ ఉదయం సంగతి. అర్చన చేయించేటప్పుడు పూజారి గారు గోత్రనామాలు అడుగుతారు. మీరు జాగ్రత్తగా ఉండవలసిన చోటు అదే. పెళ్ళయిన ఆడపిల్లకు అత్తింటి గోత్రం చెప్పడం మన అలవాటు. విడాకులైన పిల్లకు ఏ గోత్రం చెప్పాలన్న ప్రశ్న ఆ తల్లికి సంకల్పం దగ్గర మొట్టమొదటిసారి ఎదురుకావచ్చు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయిస్తే తొందరపడి మీరు అందించకండి. పుట్టింటి గోత్రం చెప్పి, ఆ వెంట కూతురి పేరు, నక్షత్రం చెబితే, మీ స్నేహితురాలికి పంపవలసిన కబురు అంతకు మించి ఇంకొకటి లేదు. ఆ రెండేళ్ళలో "నువ్వు ఇంకా ఈ ఇంటి పిల్లవే" అని ఆమెతో ఎవరూ అని ఉండరు. ఈ మాటను మీరు కవితలో రాస్తే అది మీ అభిప్రాయం అవుతుంది, తల్లి నోట గుడిలో పలికితే అది ఇంటి మాట అవుతుంది. ఒకవేళ ఆవిడ మరోలా చెప్పినా, ఊరికే పేరు మీద చేయించినా, గోత్రం ఊసు సందేశంలో ఎత్తకండి, అర్చన జరిగిందని మాత్రం రాయండి. చాలా గుళ్ళలో లోపల ఫోన్ వాడనివ్వరు కనుక రికార్డు చేయాలన్న ఆలోచన పెట్టుకోకుండా, విన్నది విన్నట్టు గుర్తుంచుకోండి.

సందేశంలో మీరు కళ్ళతో చూసినవీ చెవులతో విన్నవీ మాత్రమే ఉండాలి. నేనైతే ఈ విధంగా రాస్తాను:

"ఏమే, పొద్దున్నే పిన్నితో గుడికి వెళ్ళాను. పూజారి గారు గోత్రం అడిగితే పిన్ని మీ ఇంటి గోత్రమే చెప్పింది. ప్రసాదం పులిహోర పెట్టారు. నీ వాటా అని ఇంకొక ఆకులో పెట్టించుకుని ఇంటికి తెచ్చింది. మీ పెరట్లో పారిజాతం కింద నేలంతా తెల్లగా ఉంది. నీ స్టీలు గ్లాసులోనే నాకు కాఫీ ఇచ్చింది, అంచు దగ్గర సొట్ట ఇంకా అలాగే ఉంది. నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు, నన్ను చూసి కుర్చీ చూపించారు."

తండ్రి గురించి ఇంతకు మించి ఒక్క అక్షరం కలపకండి. "నాన్నగారు నిన్ను తలుచుకుంటున్నారు" అని దయకొద్దీ మీరు రాస్తే ఆమె ఆశపడి ఫోన్ చేస్తుంది, ఆయన తీయకపోతే ఆ రోజు మరింత బరువవుతుంది. ఆయన వరండాలో ఉన్నారన్నది నిజం, ఆమెకు ఆయన కనబడటానికి అది సరిపోతుంది. "ఎప్పుడొస్తావు?" అని కూడా అడగకండి. వీసా కాగితాల మీద పరదేశంలో ఉన్నవారికి చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ చేతుల్లో ఉండదు.

వేళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో పంపిన సందేశాలు చెడిపోయేది అక్కడే. అక్టోబరులో అయోవా మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది (నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర అవుతుంది). ఇక్కడ పద్దెనిమిదో తేదీ మొదలైన అర్ధరాత్రి మీరు ఫోన్ చేస్తే అక్కడ పదిహేడో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆమె ఇంకా పుట్టనే లేదు. ఆమె పద్దెనిమిది ఉదయం ఏడింటికి లేచేసరికి మనకు సాయంత్రం ఐదున్నర. మీ సందేశం ఆ వేళకు చేరాలి, అప్పటికి గుడికి వెళ్ళిరావడం, కాఫీ తాగడం అన్నీ జరిగిపోయి ఉంటాయి కనుక రాయడానికి మీకు తీరిక కూడా ఉంటుంది. పగలంతా పనిలో గడిచిపోతుంది. కష్టమైన గంట రాత్రి ఏడింటికి వస్తుంది. తాళం తీసి, దీపం వేసుకుని, ఒక్కరికి వండుకోవాలా వద్దా అని ఆలోచించే వేళ అది. అప్పటికి మన కేలండరులో పంతొమ్మిది వచ్చేసి ఉంటుంది, పుట్టినరోజు అయిపోయిందని అందరూ మరిచిపోయి ఉంటారు. ఆమెకు మాత్రం ఇంకా ఐదు గంటలు మిగిలే ఉంటాయి.

అక్కడ రాత్రి ఏడంటే ఇక్కడ తెల్లవారుజాము ఐదున్నర. అంటే నాన్నగారు నడకకు వెళ్ళే వేళ. కన్నకూతురితో మాట్లాడటానికి ఒక తల్లి అటువంటి వేళ కోసం కాచుకోవలసి రావడం నాకు బాధగానే ఉంది, కానీ ఆ ఒక్క రోజుకు దానిని సరిదిద్దడానికి పూనుకోకండి. పిన్నిగారికి ఈ లెక్క తెలియకపోవచ్చు. పంతొమ్మిదో తేదీ తెల్లవారితే పుట్టినరోజు దాటిపోయిందనే ఆవిడ అనుకుంటారు. అక్కడ ఇంకా పద్దెనిమిదే అని నచ్చజెప్పి, పాలు పొయ్యి మీద పెట్టే వేళకు ఫోన్ చేయమనండి. ప్రత్యేకంగా ఏమీ మాట్లాడనక్కరలేదు, ఫోన్‌ను గట్టు మీద డబ్బాకు ఆనించి తన పని తాను చేసుకుంటూ ఉంటే చాలు. పాలు పొంగే చప్పుడు, వాకిట్లో చీపురు, పక్కింటి రేడియో అన్నీ ఆ పిల్ల ఒంటరి గదిలో వినబడతాయి.

ఆ ఫోనులో మీరు ఉండవలసిన అవసరం లేదు. ముందు రోజు సాయంత్రం పిన్నిగారి ఫోన్ చార్జింగుకు పెట్టి, ఐదుంపావుకు అలారం పెట్టి, మీ ఇంటికి మీరు వచ్చేయండి.