యూనివర్సిటీ ఉద్యోగం వదలకుండా కేంద్రంలో డైరెక్టర్ కావచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. రాష్ట్ర యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెబుతాను. పర్మినెంట్ ఉద్యోగం, 12 ఏళ్ల సర్వీసు, వయసు 41, బీసీని. బయటి నిపుణులను నేరుగా కేంద్ర శాఖల్లో పై పోస్టుల్లోకి తీసుకునే లేటరల్ ఎంట్రీ 2024లో రద్దయింది కదా, అది మళ్లీ వస్తే డైరెక్టర్ పోస్టుకు అప్లై చేయవచ్చా? ఉన్న ఉద్యోగం పోతుందా? రిజర్వేషన్ వర్తిస్తుందా? ఆ పోస్టులు తమవని ఐఏఎస్ అధికారులు కోర్టుకెళ్తే?

జవాబు: 2024 ఆగస్టు నాటి షరతులే మళ్లీ పెడితే మీరు అప్లై చేయవచ్చు. డైరెక్టర్‌కు వయసు 35 నుంచి 45, ఆ శాఖ పనికి సంబంధించిన అనుభవం కనీసం పదేళ్లు అడిగారు.

ప్రైవేటు వాళ్లను కాంట్రాక్టుపై, మీలాంటి వాళ్లను పాత ఉద్యోగం ఉంచుకునే డెప్యుటేషన్‌పై తీసుకుంటారు. మొదట మూడేళ్లు, తర్వాత మొత్తం ఐదేళ్ల దాకా పొడిగించవచ్చు. కాబట్టి రాజీనామా చేయకండి. మీ పాత పోస్టుపై హక్కును లీన్ అంటారు. రిలీవింగ్ ఆర్డరులో లీన్ కొనసాగుతుందన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి. ఆ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక లెక్చరర్ ఆర్డరులో ఆ ముక్కే లేదు. తిరిగి జాయిన్ కావడానికి నెలల తరబడి తిరగాల్సి వచ్చింది.

రిజర్వేషన్ దగ్గరే అసలు చిక్కు. ఒక్కటే పోస్టు ఉంటే దానికి రిజర్వేషన్ పెట్టకూడదని 1998లో చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెడితే అది నూరు శాతం రిజర్వేషన్ అయిపోతుంది. ఏ పోస్టు ఎవరి వంతో చెప్పే రోస్టర్‌లో కూడా మూడు పోస్టుల దాకా రిజర్వేషన్ రాదు, మొదటి బీసీ వంతు నాలుగో పోస్టుకు వస్తుంది. 2024లో యూపీఎస్సీ 45 పోస్టులు పిలిచినా, ఒక్కో శాఖలో ఒక్కో పోస్టును విడిగా లెక్కేశారు. దాంతో రిజర్వేషన్ సున్నా. అన్నీ ఒకే గుంపుగా చూస్తే 27 శాతం చొప్పున బీసీలకు 12 పోస్టులు దక్కేవి. విమర్శలు రాగానే మూడు రోజుల్లో ప్రకటన వెనక్కి తీసుకున్నారు. విడివిడిగా లెక్కేయడం అన్యాయమని నేను నమ్ముతాను. కానీ డెప్యుటేషన్‌పై వెళ్లేవారికి రిజర్వేషన్ తప్పనిసరి కాదన్నది అప్పట్లో కేంద్రం వాదన. కొత్త ప్రకటనలో ఏం రాస్తారో చూడకుండా కోటాపై ఆశ పెట్టుకోకండి.

అధికారులు కోర్టుకెళ్లినా ‘మా పోస్టులు మాకే’ అంటే నిలవడం కష్టం. ఉద్యోగికి ప్రమోషన్‌కు పరిశీలించమని అడిగే హక్కే ఉంటుంది, ఫలానా కుర్చీ మీద హక్కు ఉండదు. పైగా మీరు ఐఏఎస్‌లో చేరడం లేదు, వాళ్ల సీనియారిటీ కదలదు. అయితే ఏళ్ల తరబడి ఎదురుచూసిన పోస్టు బయటివాళ్లకు పోతుందన్న వాళ్ల బాధ అబద్ధం కాదు. ఆ అసంతృప్తి కోర్టులో కంటే ఆఫీసులో ఎక్కువ తగులుతుంది. ఫైలు ఆలస్యంగా రావచ్చు, మీటింగ్‌కు పిలుపు రాకపోవచ్చు. ఎనుమాముల యార్డులో పత్తి ధర ఎందుకు పడిందో మీకు తెలుసు, కానీ ఆ మాట నోట్‌ఫైల్‌లో ఎక్కితేనే విధానం మారుతుంది. అందుకే చేరిన వారంలోనే మీ సబ్జెక్టులు, ఫైళ్లు ఏవో వర్క్ అలకేషన్ ఆర్డరుగా రాతపూర్వకంగా తీసుకోండి.