ఇంటర్న్‌షిప్ ప్రతిపాదనకు జవాబు రాకపోతే

"విజయవాడ ఆటోనగర్‌లోని విడిభాగాల కంపెనీకి మా కాలేజీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ ప్రతిపాదన రెండుసార్లు పంపాను. జవాబు లేదు. లోపం ఎక్కడ?"

విద్యార్థులను ఎవరు చూసుకోవాలో మీ లేఖలో లేకపోయి ఉంటుంది. ఫోర్‌మన్ పని ఆగిపోతుందేమోనని యజమాని వెనకాడతారు. లేఖలో ఈ మూడూ స్పష్టంగా రాయండి.

1. వ్యవధి: 8 వారాలు. మొదలు, ముగింపు తేదీలు రాయండి, పరీక్షల రోజులు తప్పించండి.

2. నైపుణ్యం: "మెకానికల్ విద్యార్థులు" అంటే చాలదు. "మైక్రోమీటర్‌తో కొలిచి, డ్రాయింగ్‌తో సరిచూసి, నమోదు చేయగలరు" అని రాయండి.

3. పర్యవేక్షణ: చాలామంది వదిలేసేది ఇదే. ఫోర్‌మన్ నుంచి రోజుకు 15 నిమిషాలే అడగండి. మీ అధ్యాపకుడు ప్రతి శుక్రవారం వచ్చి లాగ్‌బుక్‌లో సంతకం చేస్తారని చెప్పండి. ఫోర్‌మన్ పేరు మీరే వేయకండి. ఖాళీ ఉంచి, స్వయంగా వెళ్లి ఆయనతో మాట్లాడాకే నింపండి.

నేను ఒక కంపెనీని 12 మందిని తీసుకోమంటే యజమాని కుదరదన్నారు. ముగ్గురికి తగ్గించి, ఫోర్‌మన్‌ను కలిశాక ఒప్పుకున్నారు.