తప్పు జరిగిన క్షణంలో వారి ముందు ఏముందో చూపండి

ప్రశ్న: మా ప్రాజెక్టు అమలులో దెబ్బతింది. వచ్చే వారం యాజమాన్యం ముందు పోస్ట్‌మార్టమ్ ప్రజెంటేషన్ ఇవ్వాలి. ఏం తప్పు జరిగిందో, ఏం నేర్చుకున్నామో చెప్పాలి, కానీ ఎవరినీ వేలెత్తి చూపకూడదు. స్లైడ్లు ఏ వరుసలో పెట్టాలి?

జవాబు:

కారణాల స్లైడుతో మొదలుపెట్టకండి. కారణం ముందు చెబితే, వినేవారి మనసు వెంటనే ఆ కారణం వెనుక ఉన్న మనిషి కోసం వెతుకుతుంది, ఆ తరువాత మీరు ఎంత మర్యాదగా మాట్లాడినా ప్రయోజనం ఉండదు. నష్టం ఎంతో ఒకే స్లైడులో చెప్పి, వెంటనే కాలక్రమానికి వెళ్లండి. ఏ గంటకు ఏం జరిగింది, ఆ గంటకు అక్కడున్నవారికి ఏం తెలుసు, ఏం కనిపించింది అన్నదే మీ ప్రజెంటేషన్‌కు గుండెకాయ. నలభై నిమిషాలు ఇస్తే అందులో సగం దీనికే కేటాయించండి.

నేను నెల్లూరులో రొయ్యల కొనుగోలు చేసే ఒక సంస్థలో ప్రాజెక్టు సమన్వయం చూసేటప్పుడు ఇటువంటి ప్రజెంటేషన్ తయారుచేశాను. గుంటల దగ్గర కాటా వేసి, కౌంట్ చూసి, అక్కడికక్కడే ఫోనులో బిల్లు తయారుచేసే కొత్త సాఫ్ట్‌వేర్‌ను పట్టుబడుల కాలంలో ప్రవేశపెట్టారు. ఇందుకూరుపేట వైపు ఒక రైతు గుంటలో వనామి రకం రొయ్యలు పట్టారు. కౌంట్ 44 వచ్చింది, అంటే కిలోకు 44 రొయ్యలు. ఆనాటి రేట్ల పట్టికలో 40 కౌంట్‌కు 400 రూపాయలు, 50 కౌంట్‌కు 370 రూపాయలు ఉన్నాయి. మధ్యలో వచ్చిన కౌంట్‌కు తేడాను పదితో భాగించి, కౌంట్‌కు మూడు రూపాయల చొప్పున తగ్గించడం అక్కడి వాడుక. ఆ లెక్కన కిలోకు 388 రూపాయలు రావాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం పట్టికలో తరువాతి గడి తీసుకుని 370 కట్టింది. కిలోకు 18 రూపాయలు తగ్గింది. రెండు టన్నుల సరుకుకు 36,000 రూపాయలు. ఆ రోజు మరికొన్ని గుంటల్లోనూ ఇదే జరిగింది. సాయంత్రం రైతు తన నోటుపుస్తకంలో లెక్క వేసుకుని ఫోను చేసేదాకా ఎవరికీ తెలియలేదు.

మొదటి చిత్తుప్రతిలో ఒక సహోద్యోగి ఇలా రాశారు: ‘గుంట దగ్గరి సూపర్‌వైజరు రేటు సరిచూడకుండా బిల్లు ఆమోదించారు.’ ఇందులో అబద్ధం లేదు. అయినా ఈ వాక్యం దగ్గరే విచారణ ఆగిపోతుంది, ఎందుకంటే దీనికి మందు ఆయనను మందలించడం ఒక్కటే అనిపిస్తుంది. సూపర్‌వైజరు మాటే తీసేసి ‘రేటు సరిచూడబడలేదు’ అని రాయడం ఇంకా చెడ్డ పద్ధతి. అది ఎవరినీ కాపాడదు, ఏమీ చెప్పదు, గదిలో ఉన్న అందరికీ ఆయనెవరో తెలిసే ఉంటుంది. మేము దానిని ఇలా మార్చాము: ‘11 గంటలకు ఫోను తెరపై బరువు, కౌంట్, మొత్తం సొమ్ము కనిపించాయి, కిలో రేటు కనిపించలేదు. మొత్తం తక్కువగా ఉందని సూపర్‌వైజరు గ్రూపులో సందేశం పెట్టారు. అదే గంటలో ఆ గ్రూపులో ఐసు లారీల గురించి సందేశాలు వరుసగా వస్తున్నాయి. జవాబు రాలేదు. కాటా ఆపే అధికారం ఆయనకు ఇవ్వలేదు.’

ఈ స్లైడు చూపించినప్పుడు ఆ సూపర్‌వైజరు స్వయంగా లేచి, పత్రాలలో ఎక్కడా లేని విషయం ఒకటి చెప్పారు. రేట్లు రోజూ మారతాయి, ఆ ఉదయం కూడా కొత్త రేట్లు ఫోనులోనే వచ్చాయి, అందుకే తనకు అందని ఇంకో మార్పు జరిగి ఉంటుందని అనుకున్నానని అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు అసలు లోపం కనిపించింది: ఏ రేటు, ఏ సమయం నుంచి అమలులో ఉందో గుంట దగ్గర నిలబడిన మనిషికి తెలిసే మార్గం లేదు. చిత్తుప్రతిలోని వాక్యమే ఉండి ఉంటే ఆయన తలవంచుకుని కూర్చునేవారు, ఈ విషయం మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే ప్రజెంటేషన్‌కు ముందురోజే సంబంధిత వ్యక్తులకు ఆ స్లైడ్లు చూపించి, ‘అప్పుడు మీకు ఏం కనిపించింది?’ అని అడగండి. ‘ఎందుకు చేశారు?’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది, ‘ఏం కనిపించింది, ఎలా నిర్ణయించుకున్నారు?’ అని అడిగితే వివరం వస్తుంది.

కారణాల స్లైడు ఆ తరువాతే రావాలి, అందులో ఒకే మూలకారణం పెట్టకండి. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగే పద్ధతిని చాలా కార్యాలయాలలో యాంత్రికంగా వాడుతున్నారు. అది ఒకే గొలుసు పట్టుకుని పోయి, చివరికి ఎవరో ఒకరి అజాగ్రత్త దగ్గర ఆగడం నేను చాలాసార్లు చూశాను. మా విషయంలో నాలుగు పరిస్థితులు కలిశాయి. మధ్య కౌంట్ల లెక్క అందరికీ నోటికి వచ్చినదే గనుక అవసరాల పత్రంలో ఎవరూ రాయలేదు. పరీక్షకు ఇచ్చిన నమూనాలన్నీ 40, 50, 60 వంటి గుండ్రని కౌంట్లే. తెరపై కిలో రేటు లేదు. అమలు తేదీ పట్టుబడుల ఒత్తిడిలో పడింది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా నష్టం ఆ స్థాయికి చేరేది కాదు. ఇలా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్కరి మీదికి వేలు పోదు.

నేర్చుకున్న పాఠాల స్లైడులో ‘సమాచార లోపం నివారించాలి’, ‘సిబ్బందికి మరింత శిక్షణ ఇవ్వాలి’ వంటి వాక్యాలు రాయకండి. శిక్షణ అనే మాట చాలాచోట్ల మారువేషం వేసుకున్న నింద. శిక్షణ లేకపోవడమే కారణమని కాలక్రమం చూపితే తప్ప దానిని ఒప్పుకోకండి. ప్రతి పాఠం ఒక పనిగా మారాలి. మా పట్టికలో మొదటిది, 33, 44, 57 వంటి కౌంట్లతో పరీక్ష నెగ్గకుండా సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పు విడుదల చేయకూడదన్నది. తెరపై కిలో రేటు, అది అమలైన సమయం కనిపించాలన్నది రెండోది. మూడోది, లెక్కలో అనుమానం వస్తే సూపర్‌వైజరు కాటా ఆపి ఒకే నిర్దిష్ట నంబరుకు ఫోను చేయాలన్నది. ఇక్కడ మాత్రం ప్రతి పనికీ ఒక మనిషి పేరు, తేదీ, పూర్తయిందని ఎలా తెలుస్తుందో తప్పక రాయండి. జరిగిపోయిన దానికి పాత్ర చాలు, జరగవలసిన దానికి పేరు కావాలి. ఈ తేడా పాటించకనే చాలా పోస్ట్‌మార్టమ్‌లు మర్యాదగా ముగిసి, తరువాత ఒక్క పనీ కాకుండా మిగిలిపోతాయి.

యాజమాన్యం తరఫున ఎవరో ఒకరు ‘ఇంతకీ ఎవరు చేశారు?’ అని అడుగుతారు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. ‘ఆ స్థానంలో ఇంకొకరు ఉన్నా, అదే తెర చూసి అదే బిల్లు ఆమోదించేవారా?’ అని తిరిగి అడగండి. అవునంటే మనిషిని మార్చి లాభం లేదని వారికే అర్థమవుతుంది. విమాన ప్రమాదాల దర్యాప్తుకు సంబంధించిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 13వ అనుబంధం కూడా దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలను నివారించడమేనని, నిందనూ బాధ్యతనూ పంచడం కాదని స్పష్టంగా చెబుతుంది. ఈ మాట మా అధికారుల దగ్గర బాగా పనిచేసింది.

దీనికి ఒక హద్దు ఉంది. ఎవరైనా కావాలని కాటాలో మోసం చేసినా, లెక్కలు దిద్దినా అది ఈ సమావేశపు విషయం కాదు. దానిని విడిగా, సిబ్బంది వ్యవహారాల విభాగానికి అప్పగించండి. రెండింటినీ ఒకే ప్రజెంటేషన్‌లో కలిపితే, తెలియక పొరపడినవారు కూడా తరువాతిసారి నోరు విప్పరు. అలాగే ఇంక్రిమెంట్లు నిర్ణయించే అధికారి చేత సమావేశాన్ని నడిపించకండి. వేరే విభాగం నుంచి ఒకరిని కూర్చోబెట్టడం మేలు.

చివరి స్లైడులో నెల తరువాత ఏ తేదీన ఆ పనుల పట్టికను మళ్లీ తెరుస్తారో రాసి, ఆ సమావేశానికి అక్కడికక్కడే పిలుపు పంపండి.