వార్షిక మీటింగులో 15 శాతం వృద్ధి, వచ్చే ఏడాది టార్గెట్ ఎలా చెప్పాలి?

"శ్రీకాకుళం జిల్లాలో మా రంగుల అమ్మకాలు పోయినేడు 2.40 కోట్లు, ఈ ఏడు 2.76 కోట్లు. వచ్చే ఏడు టార్గెట్ మరో 20 శాతం. మీటింగులో సేల్స్ కుర్రాళ్లకి ఎలా చెప్పమంటారు?"

సార్, పెరిగిన 36 లక్షలను పోయినేటి 2.40 కోట్లతోనే భాగించండి, 15 శాతం వస్తుంది. పొరపాటున 2.76తో భాగిస్తే 13 అయిపోతుంది.

అసలు సంగతి ధర దగ్గరుంది. డబ్బా ధర సగటున 8 శాతం పెరిగిందనుకోండి. 15లోంచి 8 తీసేయకూడదు, 1.15ను 1.08తో భాగించాలి. 1.065 వస్తుంది, అంటే సరుకు పెరిగింది 6.5 శాతమే. ఈ ముక్క మీరే ముందు చెప్పేయండి. ఎందుకంటే వచ్చే ఏడు ధర పెరగకపోతే ఆ 20 శాతమూ సరుకుగానే అమ్మాలి, ఈ ఏటి వేగానికి మూడు రెట్లు. పలాస, టెక్కలి తిరిగే కుర్రాళ్లకి ఆ బరువు వెంటనే తెలుస్తుంది.

టార్గెట్‌ను శాతంలో వదిలేయకండి: "3.31 కోట్లు, అంటే అదనంగా 55 లక్షలు" అనండి. దాన్ని 12తో సమానంగా పంచకండి. ఇళ్లకు రంగులేసేది సంక్రాంతి ముందు, వానాకాలంలో గోడ ఆరదు. సమానంగా పంచితే జులైలోనే అందరూ వెనకబడి, డిసెంబరుకి ముందే చేతులెత్తేస్తారు. పోయినేటి నెలవారీ అమ్మకాల నిష్పత్తిలోనే పంచండి.