పనులు మిగిలి ఉండగా హ్యాండోవర్ కాగితంపై సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో రెండో లిఫ్టు నడవడం లేదు. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీకి మోటార్లు బిగించలేదు. క్లబ్‌హౌస్ గోడల దగ్గరే ఆగిపోయింది. వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్ మీరే చూసుకోండి, మిగతావి తర్వాత చేస్తానంటూ బిల్డర్ హ్యాండోవర్ కాగితం పంపాడు. అసోసియేషన్ తరఫున ఏమని రాయాలి?

జవాబు: బిల్డర్ పంపిన కాగితంలో ‘అన్ని సదుపాయాలూ పూర్తయిన స్థితిలో స్వీకరించాం’ లాంటి వాక్యం ఉందేమో ముందు చూడండి. ఉంటే సంతకం పెట్టకండి. రేపు మీరు ఫిర్యాదు చేస్తే అతను మొదట చూపించేది ఆ వాక్యాన్నే. తొందరపడాల్సిన అవసరమూ మీకు లేదు. 2016 నాటి రేరా చట్టం సెక్షన్ 11(4)(డి) ప్రకారం, అసోసియేషన్ మెయింటెనెన్స్ తీసుకునే వరకు సముచితమైన ఛార్జీలకు అత్యావశ్యక సేవలు అందించాల్సింది బిల్డరే.

ఉత్తరంలో రెండు రకాల పనులను విడగొట్టి రాయండి. కట్టాక పాడైనవి లోపాలు. వాటికి సెక్షన్ 14(3) ఉంది: పొసెషన్ ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు చెబితే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీ మోటార్లూ, క్లబ్‌హౌసూ లోపాలు కావు, అసలు చేయని పనులు. అవి అగ్రిమెంటు కింద అతను ఇంకా తీర్చని బాధ్యత. ఈ రెంటినీ కలిపేసి ‘ఐదేళ్ల వారంటీ ఉందిగా, చూస్తాంలే’ అనడం బిల్డర్ల అలవాటు. దానికి ఒప్పుకోవద్దు.

‘ఎస్‌టీపీ సరిగా లేదు’ అని రాస్తే చాలదు. ఇలా రాయండి: ‘మంజూరైన ప్లానులోనూ, అగ్రిమెంటు స్పెసిఫికేషన్లలోనూ ఎస్‌టీపీ ఉంది. ఫలానా తేదీన చూసినప్పుడు ట్యాంకులు మాత్రమే ఉన్నాయి, మోటార్లు, ప్యానెల్ బోర్డు లేవు. ఫలానా తేదీలోగా వాటిని బిగించి, మా ప్రతినిధుల ఎదుట ట్రయల్ రన్ చేసి చూపాలి.’ లిఫ్టు గురించీ ఇలాగే. ప్రతి అంశానికీ తేదీ కనిపించే ఫొటో జత చేయండి. ఉమ్మడి తనిఖీకి ఒక రోజు మీరే సూచించండి. అతను రాకపోతే మీరే చూసి నోట్ చేసుకుని, ఆ నోట్ కాపీ పంపండి.

ఆక్యుపెన్సీ, కంప్లీషన్ సర్టిఫికెట్ల కాపీలు కూడా అడగండి. స్థానిక చట్టమేదీ లేకపోతే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక 30 రోజుల్లో ప్లానులు, అవసరమైన పత్రాలు అసోసియేషన్‌కు ఇవ్వాలని సెక్షన్ 17 చెబుతుంది.

సెక్యూరిటీ, క్లీనింగ్ వంటివి మీరే చూసుకోవాలనుకుంటే అంతవరకే తీసుకోండి. చివర్లో ఈ వాక్యం తప్పక ఉండాలి: ‘రోజువారీ నిర్వహణ మాత్రమే స్వీకరిస్తున్నాం. జాబితాలోని పనులు పూర్తయినట్టు మేం ఒప్పుకోవడం లేదు, మా హక్కులు వదులుకోవడం లేదు.’

కమిటీ తీర్మానం చేసి, లెటర్‌హెడ్‌పై కార్యదర్శి సంతకంతో స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో, డెలివరీ రుజువు కోరుతూ పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మీరిచ్చిన గడువు దాటితే, సెక్షన్ 31 కింద అసోసియేషనే నేరుగా రేరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఉత్తరం, ఫొటోలు, పోస్టు రసీదు అప్పుడు దానికి జత చేయాలి.